గోడ మీది గీతతో మొదలయ్యే రిపోర్టు

వరద నీరు తీశాక ఆఫీసు తలుపు తెరిచిన వాళ్ల చెయ్యి ముందు చీపురు మీదికి పోతుంది. బురద చూస్తూ ఊరుకోవడం ఎవరి తరమూ కాదు. కానీ మొదటి అరగంటలో కావలసినవి మూడే: కొలత టేపు, ఫోను కెమెరా, ఒక నోట్‌బుక్కు. నీరు ఎంత ఎత్తు వచ్చిందో, ఏది ఎక్కడ ఉండి ఎంతవరకు మునిగిందో ఆ అరగంటలో రాసిపెట్టకపోతే, గది కడిగిన తర్వాత చెప్పడం ఎవరి వల్లా కాదు. ఆ తర్వాత రాసే రిపోర్టులో అంచనాలే మిగులుతాయి.

ఒక ఉదాహరణ తీసుకుని చూద్దాం. 2024 ఆగస్టు చివర కురిసిన కుండపోత వానలకు బుడమేరు పొంగి గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1న విజయవాడ సింగ్ నగర్, చుట్టుపక్కల కాలనీలు నీట మునిగాయి. చాలాచోట్ల నీరు రోజుల తరబడి కదల్లేదు. అక్కడ కింది అంతస్తులో ఒక చిన్న టాక్స్ కన్సల్టెంట్ ఆఫీసు ఉందనుకుందాం. నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, యూపీఎస్, ఇన్వర్టరు, ఒక ర్యాకు నిండా ఫైళ్లు, ఒక బీరువా. ఆఫీసు ఊహించుకున్నదే అయినా, ఇందులో ఎదురయ్యే చిక్కులన్నీ నిజంగా ఎదురయ్యేవే.

ఈ రిపోర్టును ముగ్గురు చదువుతారు. మొదట చదివేది ఇన్సూరెన్స్ కంపెనీ పంపే సర్వేయరు. రెండోవారు, తమ కాగితాలు ఈ ఆఫీసులో పెట్టుకున్న క్లయింట్లు. మూడోవారు ఎప్పుడో రెండు మూడేళ్లకు వస్తారు: ఫలానా సంవత్సరం లెక్కల పుస్తకం చూపించమని నోటీసిచ్చే పన్ను అధికారి. వీరిలో ఎవరూ ఆ రోజు బురదలో నిలబడినవారు కారు. రిపోర్టు చూపించినంత మేరకే వాళ్లకు ఆ గది కనిపిస్తుంది.

చూసింది, విన్నది, అనుకున్నది

మన ఆఫీసుల్లో ఇలాంటి రిపోర్టు సాధారణంగా ఇలా మొదలవుతుంది: "భారీ వర్షాల కారణంగా తేదీ 01-09-2024న తెల్లవారుజామున కార్యాలయంలోకి వరద నీరు ప్రవేశించి తీవ్ర నష్టం వాటిల్లినది." చదవడానికి బాగానే ఉంది. కానీ సెప్టెంబరు 1 ఆదివారం. ఆఫీసుకు సెలవు. తెల్లవారుజామున నీరు రావడం ఎవరు చూశారు?

ఇదే విషయాన్ని ఇలా రాయవచ్చు: "ఆగస్టు 31 శనివారం సాయంత్రం 6 గంటలకు ఆఫీసు మూసేటప్పుడు లోపల నీరు లేదు. ఆదివారం పొద్దున వీధిలో నీరు మోకాలి లోతు ఉందని పై అంతస్తులో ఉండే ఇంటి యజమాని ఫోన్ చేసి చెప్పారు. నీరు తీశాక మేము మొదట లోపలికి వెళ్లింది ఫలానా తేదీ, ఫలానా గంటకు. నీరు లోపలికి ఏ సమయంలో వచ్చిందో చూసినవారు లేరు." ఇక్కడ చూసినది ఏదో, విన్నది ఏదో, ఎవరు చెప్పారో విడివిడిగా తెలుస్తుంది. తెలియనిదాన్ని తెలియదనే రాశారు కాబట్టి మిగతా మాటలకు బలం వచ్చింది.

నీరు ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఇంకా ముఖ్యం. వీధి నుంచి వచ్చిన వరదనూ, కప్పు కారిన వాననూ, పగిలిన పైపు నీటినీ పాలసీ ఒకే కళ్లతో చూడకపోవచ్చు. దీనికి గదిలోనే ఆనవాళ్లుంటాయి. వీధి వరదైతే గోడల చుట్టూ ఒకే మట్టంలో బురద గీత ఉంటుంది. బయట ప్రహరీ మీదా, పక్క దుకాణం షట్టరు మీదా అదే మట్టంలో గీత కనిపిస్తుంది. కప్పు కారితే మరక పైనుంచి కిందికి చారలుగా దిగుతుంది, గీత ఉండదు. డ్రైనేజీ ఎగదన్నితే బురద ఎక్కువగా బాత్‌రూమ్ గుమ్మం దగ్గర, నల్లగా, కంపు కొడుతూ ఉంటుంది. బయటి గోడ మీద గీత పక్కన టేపు పట్టుకుని తీసిన ఒక్క ఫోటో రెండు పేరాల వివరణకు సమానం. వాన ఎంత కురిసిందో చెప్పాలంటే వాతావరణ శాఖ ప్రకటించిన అంకెను, ఎప్పటిదో తేదీతో సహా జతచేయాలి. "కనీవినీ ఎరుగని వర్షం" వంటి మాటతో సర్వేయరుకు పనిలేదు.

గీతను కొలవడం

నీరు తీసిన గోడ మీద సాధారణంగా రెండు అంచులు కనిపిస్తాయి. ఒకటి బురద గీత, నీరు నిలిచిన మట్టం. దానికి పైన చెమ్మ అంచు ఉంటుంది. ఇటుక, సున్నం నీటిని పైకి పీల్చుకోవడం వల్ల అది ఏర్పడుతుంది. చెమ్మ అంచును కొలిచి నీటి మట్టమని రాస్తే నష్టం పెంచి చూపినట్టవుతుంది. కొలవాల్సింది బురద గీతనే. మట్టం దిగుతూ మధ్యలో ఆగినచోటల్లా కూడా గీతలు పడతాయి, అందుకని అన్నిటికంటే పై గీతను తీసుకోవాలి.

నాలుగు మూలలా కొలవాలి. నీటి మట్టం ఒకటే అయినా నేల వాలుగా ఉంటే కొలత మారుతుంది. మన ఆఫీసులో గుమ్మం దగ్గర 38 అంగుళాలు, వెనక గోడ దగ్గర 40 అంగుళాలు వచ్చిందనుకుందాం. ఈ రెండు అంకెలు దొరికాక సగం రిపోర్టు దానంతట అదే తయారవుతుంది. ఏ వస్తువు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో రాస్తే, అది మునిగిందో లేదో ఎవరైనా లెక్క వేసుకోవచ్చు.

పరికరాలు: "చెడిపోయింది" అని ఎప్పుడు రాయాలి?

ముందు జాగ్రత్త సంగతి. మెయిన్ ఆఫ్ చేయించాకే లోపలికి వెళ్లాలి. వీధిలో కరెంటు లేకపోయినా ఇన్వర్టరు, యూపీఎస్ బ్యాటరీల్లో కరెంటు ఉంటుంది, కాబట్టి వాటి తీగలను ఎలక్ట్రీషియనే విప్పాలి. స్విచ్‌బోర్డు నాలుగున్నర అడుగుల ఎత్తులో పొడిగా కనిపించినా, దానికి పోయే తీగ గోడలోని గొట్టంలోంచి, మునిగిన సాకెట్ మీదుగా వచ్చి ఉండవచ్చు. ఎలక్ట్రీషియన్ మెగ్గర్‌తో వైరింగ్ పరీక్షించి బాగుందని చెప్పేదాకా ఏ స్విచ్చూ వేయకూడదు. ఆ పరీక్ష తేదీ, ఫలితం కూడా రిపోర్టులోకే వస్తాయి.

ఇక జాబితా. గుమ్మం పక్క బల్ల 30 అంగుళాల ఎత్తు. గీత 38. అంటే బల్ల మీద 8 అంగుళాల నీరు నిలిచింది. బల్ల మీద పెట్టిన కంప్యూటర్ సిపియు డబ్బా సుమారు 16 అంగుళాలు ఉంటుంది కాబట్టి సగం మునిగింది. బల్లల కింద ఉన్న మిగతా మూడూ పూర్తిగా మునిగాయి. రెండడుగుల స్టూలు మీది ప్రింటరు మునిగింది. గోడకు ఏడడుగుల ఎత్తున బిగించిన రూటరుకు నీరు తగలలేదు. ఏసీ లోపలి భాగం పొడిగా ఉంది, బయట అడుగు ఎత్తు స్టాండు మీది కంప్రెసర్ భాగం మునిగింది. ఏసీని ఒక్క వస్తువుగా రాస్తే ఈ తేడా కనిపించదు. రెండు భాగాలనూ విడిగా రాయాలి.

జాబితాలో ఒక వరస ఇలా ఉంటుంది: "కంప్యూటర్ 1. కంపెనీ, మోడల్. సీరియల్ నంబరు. కొన్న సంవత్సరం, బిల్లు నంబరు. చోటు: గుమ్మం పక్క బల్ల మీద, నేల నుంచి 30 అంగుళాలు. నీరు: కింది 8 అంగుళాలు మునిగింది. స్థితి: లోపల బురద కనిపిస్తోంది, ఆన్ చేయలేదు. ఫోటోలు 14, 15." సీరియల్ నంబరు స్టిక్కరు తడిసి ఊడిపోయేలా ఉంటుంది, తుడవకముందే దాని ఫోటో తీయాలి. ఊడిపోతే పాత బిల్లు చూసి రాసి, "బిల్లు ప్రకారం" అని పక్కన చేర్చాలి.

ఈ వరసలో "చెడిపోయింది" అన్న మాట లేదు. కావాలనే రాయలేదు. మునగడం కంటికి కనిపించేది, చెడిపోవడం మెకానిక్ తేల్చేది. టెక్నీషియన్ విప్పి చూసి ఇచ్చిన కాగితం వచ్చాక, అదే వరసలో తేదీతో ఆ సంగతి చేర్చాలి. పనిచేస్తుందేమో చూద్దామని ఎవరైనా ముందే ఆన్ చేసి, షార్టయి బోర్డు కాలితే, అది వరద వల్ల పోయిందా ఆన్ చేయడం వల్ల పోయిందా అన్న ప్రశ్నకు ఆఫీసే జవాబు చెప్పుకోవాలి.

హార్డ్ డిస్కు సంగతి వేరు. డబ్బా ఖరీదు కంటే అందులోని ట్యాలీ లెక్కల విలువ ఎక్కువ. తడిసిన డిస్కును ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టడం, విప్పి తుడవడం, ఏదీ చేయకూడదు. బురద లోపల ఎండి పళ్లేలకు అంటుకుంటే డేటా తీయడం మరింత కష్టమవుతుంది. తడిగుడ్డలో చుట్టి, గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, డేటా రికవరీ చేసేవారికి పంపాలి. రిపోర్టులో డేటాకు విడిగా ఒక పేరా ఉండాలి: "ఆగస్టు 30 శుక్రవారం సాయంత్రం తీసిన బ్యాకప్ ఉంది, తెరిచి చూశాము. ఆగస్టు 31న ఎక్కించిన ఎంట్రీలు బ్యాకప్‌లో లేవు." ఒక్క రోజు లోటును ఇంత కచ్చితంగా చెప్పగలిగితే ఆ ఒక్క రోజు పనినే మళ్లీ చేసుకోవచ్చు. "డేటా అంతా పోయింది" అని రాస్తే, తర్వాత క్లయింటు అడిగిన ప్రతి అంకెకూ సంజాయిషీ ఇచ్చుకోవాలి.

రికార్డులు: అరల వారీగా

ఫైళ్ల విషయంలో "సుమారు 200 ఫైళ్లు నీటిపాలు" అన్న వాక్యం ఎవరికీ ఉపయోగపడదు. ఇక్కడా గీత దగ్గరికే వెళ్లాలి. వెనక గోడ దగ్గరి ర్యాకుకు 6, 21, 36, 51, 66 అంగుళాల ఎత్తుల్లో ఐదు అరలున్నాయి. గీత 40. కింది రెండు అరలు పూర్తిగా మునిగాయి. మూడో అరలో నాలుగు అంగుళాల నీరు నిలిచింది, నిలబెట్టిన ఫైళ్ల అడుగు భాగం తడిసింది. పై రెండు అరలకు నీరు తగలలేదు.

అయితే తగలలేదు కదా అని పై అరలను వదిలేయకూడదు. మన వేడికీ ఉక్కకూ తడి కాగితం మీద రెండు మూడు రోజుల్లోనే బూజు పడుతుంది. నీరు నిలిచిన గదిలో గాలి అంతా తేమే కాబట్టి పొడి ఫైళ్లకూ పట్టవచ్చు. తలుపులు మూసిన ఇనుప బీరువాలో ఇది మరీ ఎక్కువ. పై అర ఫైళ్లు చేత్తో తాకితే చల్లగా, మెత్తగా అనిపిస్తే అవి తేమ పీల్చుకున్నట్టే. రిపోర్టులో వాటిని "మునగలేదు, తేమ పట్టింది" అని రాసి పొడి గదికి మార్చాలి.

కాగితం బతుకుతుందా లేదా అన్నది చాలావరకు సిరాను బట్టి ఉంటుంది. బాల్‌పెన్ రాత నూనె సిరాది, నీటికి అంతగా చెదరదు. లేజర్ ప్రింటు కూడా నిలుస్తుంది. ఇంకు పెన్ను రాతా, ఇంక్‌జెట్ ప్రింటూ, రబ్బరు స్టాంపు ముద్రలూ పాకిపోతాయి. జెల్ పెన్నుల్లో కొన్ని నిలుస్తాయి, కొన్ని కరిగిపోతాయి. చిక్కంతా ఇక్కడే ఉంది: విషయం లేజర్ ప్రింటులో శుభ్రంగా మిగిలి, దాన్ని చెల్లుబాటు చేసే సంతకం, ఆఫీసు ముద్ర మాత్రం కరిగిపోతాయి. గెజిటెడ్ అధికారి ఆకుపచ్చ సిరా సంతకం కరిగిన అటెస్టెడ్ కాపీ చదవడానికి బాగానే ఉంటుంది, దేనికీ పనికిరాదు. అందుకే ముఖ్యమైన పత్రం స్థితిని "తడిసింది" అని ఒక్క మాటలో సరిపెట్టకుండా, విషయం చదవగలమా, సంతకం కనిపిస్తోందా, ముద్ర ఉందా అని మూడుగా రాయాలి.

ఏది ముందు కాపాడాలన్నది తడి ఎంత అన్నదాన్ని బట్టి కాకుండా, మళ్లీ దొరుకుతుందా లేదా అన్నదాన్ని బట్టి తేల్చుకోవాలి. వేసేసిన జీఎస్టీ రిటర్నులు పోర్టల్లో ఉంటాయి, వాటి ప్రింట్ల కోసం తాపత్రయం అనవసరం. క్లయింటు ఇచ్చిన రిజిస్టర్డ్ సేల్ డీడ్ తడిసిపోతే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోవచ్చు. చేత్తో రాసిన క్యాష్ బుక్కు, అసలు ఓచర్ల కట్ట, రిజిస్టరు చేయించని ఒప్పంద పత్రం మాత్రం లోకంలో ఒక్కటే ఉంటాయి. ముందు చేతులు వేయాల్సింది వాటి మీదే. క్లయింట్ల అసలు పత్రాలకు విడిగా జాబితా ఉండాలి, ఎవరి పత్రాల స్థితి వారికి రాతపూర్వకంగా తెలపాలి.

తడి కాగితాన్ని ఆరబెట్టడానికి గాలి కావాలి. నేరుగా ఎండ తగిలితే కాగితం ముడుచుకుని పెళుసవుతుంది. అంటుకున్న పేజీలను లాగితే చిరుగుతాయి. పుస్తకాన్ని పిండకూడదు. నీడలో ఫ్యాన్ తిప్పుతూ, పేజీల మధ్య అక్కడక్కడ తెల్ల న్యూస్‌ప్రింటు పెట్టి, తడి పీల్చుకోగానే మార్చాలి. ఒకటి రెండు రోజుల్లో ఆరబెట్టలేనంత ఉంటే, ముఖ్యమైనవాటిని ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి డీప్ ఫ్రీజర్లో ఉంచడం పత్ర భాండాగారాల్లో వాడే పద్ధతి. గడ్డకట్టిన కాగితం మీద బూజు పెరగదు, తీరిక దొరికాక కొన్ని కొన్నిగా తీసి ఆరబెట్టుకోవచ్చు. ఐస్‌క్రీమ్ దుకాణాల్లో ఉండే పెద్ద ఫ్రీజరు చాలు, ఆహారంతో కలపకుండా ఉంటే సరి. వారం పది రోజులు నీటిలోనే నాని బూజు అల్లుకుపోయిన కట్టలకు మాత్రం ఇది మందు కాదు. పెరిగిన బూజును ఫ్రీజరు ఆపగలదు గానీ పోగొట్టలేదు.

శుభ్రం చేసిన వరస

వరద నీటిలో మురుగు కలిసి ఉంటుంది. చేతికి గ్లవ్స్, కాలికి బూట్లు లేకుండా దిగకూడదు, ముఖ్యంగా ఒంటి మీద గాయాలున్నవాళ్లు. ముందు బురద ఎత్తి, నీటితో కడిగి, ఆ తర్వాతే బ్లీచింగ్ ద్రావణం వాడాలి. బురద మీదే చల్లితే క్లోరిన్ అంతా బురదకే ఖర్చయి నేలకు మిగలదు. కొత్త బ్లీచింగ్ పౌడరు లీటరు నీటికి 15 గ్రాముల లెక్కన కలిపితే సుమారు అర శాతం క్లోరిన్ ద్రావణం వస్తుంది. దీన్ని యాసిడ్‌తో గానీ టాయిలెట్ క్లీనర్‌తో గానీ కలిపితే విషవాయువు వెలువడుతుంది. పరికరాల దగ్గరా, బీరువా ఇనుము మీదా వాడితే తుప్పు పడుతుంది.

రిపోర్టులో ఇదంతా ఒక డైరీలా, తేదీల వారీగా రావాలి: ఏ రోజు, ఎవరు, ఏం చేశారు, దేనితో చేశారు, ఏది బయట పారేశారు. ఆఖరిది అన్నిటికంటే కీలకం. ఉబ్బిపోయిన ప్లైవుడ్ బల్లను దుర్వాసన భరించలేక మునిసిపాలిటీ ట్రాక్టరులో వేసేస్తారు, సర్వేయరు వచ్చి బల్ల ఏదని అడుగుతాడు. సర్వేయరు చూసేదాకా వస్తువును ఒక మూలన ఉంచడం మేలు. ఉంచలేని పరిస్థితి అయితే ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టి, జవాబు తీసుకుని, ఫోటోలు తీశాక పంపాలి. ఆ మెయిల్ కాపీ రిపోర్టుకు జత కావాలి.

పారేసే కాగితాల్లో మనుషుల ఆధార్, పాన్ కాపీలుంటాయి. అవి పాత కాగితాల కొట్టుకు పోకూడదు, ముక్కలు చేయించాలి. పనికిరాని హార్డ్ డిస్కులను కూడా ధ్వంసం చేయించాకే ఈ-వేస్ట్ తీసుకునే రిజిస్టర్డ్ సంస్థకు ఇవ్వాలి. వాళ్లిచ్చే రసీదు నంబరు జాబితాలో ఆ వస్తువు వరసలోనే పడాలి. అప్పుడు జాబితాలో ఉన్న ప్రతి వస్తువుకూ ఒక గమ్యం కనిపిస్తుంది: బాగుచేయించారు, పారేశారు, లేదా ఇంకా పక్కన పెట్టి ఉంది.

రిపోర్టు ఎప్పుడు పూర్తవుతుంది?

మొదటి రిపోర్టు రెండు మూడు రోజుల్లో వెళ్లిపోవాలి. అప్పటికి చాలా సంగతులు తేలవు. డిస్కులోంచి డేటా వస్తుందా, ఆరాక ఏ రిజిస్టరు చదవగలుగుతాం, గోడలు ఎప్పటికి పొడిబారతాయి, ఇవన్నీ తర్వాత తెలిసేవి. అందుకని చివర "ఇంకా తేలనివి" అన్న శీర్షిక పెట్టి, ఒక్కోదాని పక్కన ఎవరు చూస్తున్నారో, ఎప్పటికి తేలుస్తారో రాయాలి. నెల తర్వాత అనుబంధ రిపోర్టు రాసేటప్పుడు ఆ శీర్షిక కింది వరసలకు ఒక్కొక్కటిగా జవాబు చెబితే చాలు. మొదటి రిపోర్టును దిద్దకూడదు. దిద్దితే ఏది ముందు తెలుసో ఏది తర్వాత తెలిసిందో కలిసిపోతుంది.

జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలను ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. కింది అరలో మునిగిన పుస్తకాల్లో కొన్నిటికి ఆ గడువు ఇంకా మూడు నాలుగేళ్లు మిగిలి ఉండవచ్చు. పుస్తకం పోయినంత మాత్రాన గడువు పోదు. కాబట్టి రిపోర్టునూ, ఫోటోలనూ, సర్వేయరు కాగితాన్నీ, పారేసిన వాటి జాబితానూ ఆ పుస్తకాలకు బదులుగా అన్నేళ్లూ దాచాలి. ఒక ప్రతి వేరే ఊళ్లోనో ఆన్‌లైన్లోనో ఉండాలి. ఆఫీసులో ఉంచే ప్రతిని మాత్రం 40 అంగుళాలకు పైనున్న అరలో పెట్టండి.